తొంభై శాతం గెలిచినా ఖాతా ఎందుకు తరుగుతుంది?

షేర్ మార్కెట్ సలహాలు అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది గెలుపు శాతమే. 'మా కాల్స్ అక్యూరసీ 90 శాతం' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చదివినవారికి అది పరీక్షలో మార్కుల్లా తోస్తుంది. పదింటిలో తొమ్మిది సరిపోతే ఇంక నష్టం ఎక్కడి నుంచి వస్తుందన్న నమ్మకంతో డబ్బు కడతారు. ఆ సంఖ్య అక్షరాలా నిజమే అయి ఉండొచ్చు. అయినా ఆ సలహాలు పాటించినవాళ్లకు డబ్బు మిగిలిందో పోయిందో దాన్నిబట్టి తెలియదు.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన పది ట్రేడ్లు చేశాడు. తొమ్మిదింటిలో ఐదేసి వందల రూపాయల లాభం వచ్చింది. పదో ట్రేడ్‌లో 5,500 పోయింది. వచ్చింది 4,500, పోయింది 5,500. తొంభై శాతం గెలిచి కూడా వెయ్యి రూపాయలు పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన పదింటిలో నాలుగే గెలిచాడు. గెలిచినప్పుడల్లా రెండేసి వేలు వచ్చాయి, ఓడినప్పుడల్లా వెయ్యి పోయింది. ఎనిమిది వేలు వచ్చి ఆరు వేలు పోయాయి కాబట్టి ఆయనకు రెండు వేలు మిగిలింది. గెలుపుల్ని మాత్రమే లెక్కపెడితే మొదటాయన నిపుణుడు, రెండో ఆయన చేతకానివాడు. ఖాతాలు తెరిచి చూస్తే సంగతి తారుమారు.

అంతకన్నా తీవ్రమైన విషయం ఇంకొకటుంది. గెలుపు శాతాన్ని ఎవరైనా తమకు కావలసినంత తయారు చేసుకోవచ్చు. 500 రూపాయల షేరు కొని 502 దగ్గర టార్గెట్, 450 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకుంటే చాలు. రెండు రూపాయలు పెరగడం దాదాపు ప్రతి షేరుకూ ఏదో ఒక పూట జరుగుతుంది. యాభై పడిపోవడానికి సమయం పడుతుంది. కాబట్టి వంద ట్రేడ్లలో తొంభైకి పైగా గెలుపు ఖాయం. అందుకు మార్కెట్ జ్ఞానమేమీ అక్కర్లేదు. కాకపోతే ఒక్క ఓటమి పాతిక గెలుపుల సంపాదనను పట్టుకుపోతుంది. టార్గెట్ ఎంత దూరంలో ఉంది, స్టాప్‌లాస్ ఎంత దూరంలో ఉంది అన్నది చెప్పకుండా గెలుపు శాతం ఒక్కటే చెబితే, సగం లెక్క దాచినట్టే. ఆ దాచిన సగమే రివార్డ్-రిస్క్ నిష్పత్తి. ట్రేడ్‌లోకి దిగకముందే వేసుకోవలసిన లెక్క అది.

ఎలా వేయాలో ఒక ఊహాజనిత షేరుతో చూద్దాం. ధర 500 ఉంది. గత కొన్ని వారాల్లో పడిన ప్రతిసారీ 482 ప్రాంతం నుంచి తిరిగి లేచింది. అది సపోర్ట్. పైకి వెళ్లినప్పుడల్లా 545 దగ్గర అమ్మకాలు వచ్చి వెనక్కి తగ్గింది. అది రెసిస్టెన్స్. ఇక్కడ మొదట తేల్చుకోవలసింది టార్గెట్ కాదు. 'నా ఆలోచన తప్పని ఏ ధర దగ్గర ఒప్పుకోవాలి?' అన్నది. సపోర్ట్ విరిగిపోతే ఈ ట్రేడ్‌కు ఆధారం లేనట్టే కాబట్టి, దానికి కాస్త కిందగా 480 దగ్గర స్టాప్‌లాస్. అమ్మకాలు మొదలయ్యేలోపే బయటపడాలి కాబట్టి 542 దగ్గర టార్గెట్. పోతే షేరుకు 20, వస్తే 42. నిష్పత్తి 2.1.

ఇది ఇంకా పచ్చి లెక్కే. డెలివరీలో కొన్నప్పుడూ అమ్మినప్పుడూ కూడా సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ 0.1 శాతం చొప్పున పడుతుంది. దానికి స్టాంప్ డ్యూటీ, ఎక్స్ఛేంజ్ రుసుము, అమ్మినప్పుడు డీమ్యాట్ ఛార్జీ, బ్రోకరును బట్టి బ్రోకరేజీ, వాటి మీద జీఎస్టీ తోడవుతాయి. వంద షేర్ల మీద ఇవన్నీ కలిపి 150 రూపాయలనుకుందాం, అంటే షేరుకు రూపాయిన్నర. ఆ రూపాయిన్నర గెలిచినా పోతుంది, ఓడినా పోతుంది. కాబట్టి అసలు లాభం 40.50, అసలు నష్టం 21.50. నిష్పత్తి 2.1 నుంచి 1.9 కిందికి దిగింది.

దీనివల్ల ఉపయోగం తర్వాతి మెట్టులో తెలుస్తుంది. రిస్క్‌ను, రిస్క్ లాభం రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే, నష్టం లేకుండా గట్టెక్కడానికి కనీసం ఎంత శాతం గెలవాలో వస్తుంది. 21.50ని 62తో భాగిస్తే దాదాపు 35 శాతం. ఇలాంటి ట్రేడ్లు చేస్తూ పోతే మూడింటిలో ఒకటికి కొంచెం పైగా గెలిస్తే చాలు, ఆ పైన వచ్చిందంతా మిగులు. అదే నిష్పత్తి ఒకటికి ఒకటి ఉంటే ఖర్చులు పోకముందే సగం గెలవాలి. ఇందాకటి రెండు రూపాయల టార్గెట్ మనిషి వందకు 96 గెలిస్తే గానీ సున్నాకు చేరడు, అదీ ఖర్చులు లెక్కలోకి తీసుకోకపోతేనే. తొంభై శాతం గెలుపు ఆయనకు నష్టం. నలభై శాతం గెలుపు మన ఉదాహరణలో లాభం.

స్టాప్‌లాస్ ముందే తేలింది కనుక ఎన్ని షేర్లు కొనాలన్నదీ దాన్నిబట్టే తేలుతుంది. ఖాతాలో రెండు లక్షలు ఉన్నాయి, ఒక ట్రేడ్‌లో ఒక శాతానికి మించి పోకూడదని నియమం పెట్టుకున్నారనుకుందాం. అంటే రెండు వేలు. షేరుకు 20 పోయే అవకాశం ఉంటే వంద షేర్లు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చేతిలో ఎంత డబ్బుంటే అన్ని షేర్లు కొని, తర్వాత ఎంత నష్టం ఓర్చుకోగలమో చూసుకుని స్టాప్‌లాస్ పెడతారు. మన ఓర్పు ఎంతో మార్కెట్‌కు తెలియదు. చార్టులో ఆధారం ఎక్కడుందో అక్కడ పెట్టని స్టాప్‌లాస్ మామూలు ఒడిదుడుకులకే తగిలిపోతుంది.

ఇక ఆలస్యం సంగతి. అదే షేరు 500 దగ్గర ఉండగా తటపటాయించి, 508కి పరుగెత్తాక భయపడి కొన్నారనుకోండి. సపోర్ట్ జరగలేదు, రెసిస్టెన్స్ జరగలేదు. కాబట్టి స్టాప్‌లాస్ అదే 480, టార్గెట్ అదే 542. ఖర్చులు కలిపి ఇప్పుడు పోయేది 29.50, వచ్చేది 32.50. నిష్పత్తి 1.9 నుంచి 1.1కి పడిపోయింది. గట్టెక్కడానికి గెలవాల్సిన శాతం 35 నుంచి 48కి పెరిగింది. టార్గెట్ దగ్గరపడింది కాబట్టి గెలిచే అవకాశం కూడా కొంత పెరిగే మాట నిజమే. అయితే అంత పెరిగిందా అన్నది 508 దగ్గర కొనేవారు వేసుకోవలసిన ప్రశ్న. మనసు ఇక్కడ ఒక పని చేస్తుంది. నిష్పత్తి బాగా కనిపించడం కోసం టార్గెట్‌ను 542 నుంచి 565కి జరుపుతుంది. 545 దగ్గర అమ్మేవాళ్లు మన లెక్క బాగుండాలని తప్పుకోరు. టార్గెట్ చార్టులోంచి రావాలి. నిష్పత్తి కోసం టార్గెట్‌ను పుట్టిస్తే వేసిన లెక్కకు విలువ లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ట్రేడింగ్ నేర్పే చాలా తరగతుల్లో ఇది సరిగ్గా చెప్పడం లేదని నా అభిప్రాయం. 'నిష్పత్తి రెండు ఉంటే చాలు, మూడు ఉంటే ఇంకా మంచిది' అని నేర్పుతారు. ఎటు పోతుందో ఏ మొగ్గూ లేని ధరను తీసుకోండి. రూపాయి పెరిగే అవకాశం ఎంతో, తగ్గే అవకాశమూ అంతే. అలాంటి ధర 500 నుంచి బయలుదేరితే 480ని తాకకముందే 542ని తాకే అవకాశం 62లో 20, అంటే సుమారు 32 శాతం. ఖర్చులు లేకుండా గట్టెక్కడానికి కావలసిన శాతం కూడా సరిగ్గా అంతే. టార్గెట్ దూరం జరిపితే నిష్పత్తి పెరుగుతుంది, దానికి తగ్గట్టు గెలుపు తగ్గుతుంది. దగ్గరికి లాగితే గెలుపు పెరుగుతుంది, నిష్పత్తి తగ్గుతుంది. ఎలా జరిపినా సున్నాయే, దాంట్లోంచి ఖర్చులు పోతాయి. అంటే గొప్ప నిష్పత్తి కూడా గొప్ప గెలుపు శాతంలాగే ఎవరైనా తయారు చేసుకోగలిగినదే.

మరి ఈ లెక్క ఎందుకు? గీత ఎక్కడుందో చూపిస్తుంది కాబట్టి. 35 శాతం గెలిస్తే గట్టెక్కే ట్రేడ్‌లో, మీ పద్ధతి నిజంగా 40 శాతం గెలుస్తుందని పాత రికార్డు చెబుతుంటే, ఆ ఐదు శాతమే మీ ఆధిక్యం. వంద షేర్ల చొప్పున పది ట్రేడ్లు చేస్తే నాలుగు గెలుపుల్లో 16,200 వస్తుంది, ఆరు ఓటముల్లో 12,900 పోతుంది, 3,300 మిగులుతుంది. నిష్పత్తి, గెలుపు శాతం కలిపి చూసినప్పుడే ఈ మిగులు కనిపిస్తుంది. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా కనిపించదు.

విడిగా చూస్తే ఎంత ప్రమాదమో ఆప్షన్లు అమ్మేవాళ్ల అనుభవంలో బాగా తెలుస్తుంది. నిఫ్టీ ఉన్న స్థాయికి చాలా కింద ఉన్న పుట్‌ను అమ్మితే కొద్దిపాటి ప్రీమియం చేతికొస్తుంది. గడువు రోజున నిఫ్టీ ఆ స్థాయి కిందికి రాకపోతే ఆ ప్రీమియం మొత్తం అమ్మినవారిదే. వారం వారం ఇలా అమ్మితే చాలా వారాలు గెలుపే. రావడానికి మాత్రం ప్రీమియం వరకే హద్దు, పోవడానికి అలాంటి హద్దు లేదు.

2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఉత్సాహంలో నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం ఒకరు అదే వారం గడువున్న 22,500 పుట్‌ను అమ్మి ఉన్నారనుకుందాం. ప్రీమియం 40 రూపాయలని లెక్క కోసం పెట్టుకుందాం. అప్పటి లాట్ 25 కాబట్టి గరిష్ఠంగా వచ్చేది వెయ్యి రూపాయలు. మర్నాడు లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఒక్క రోజులో నిఫ్టీ 5.9 శాతం పడి 21,884.50 దగ్గర ముగిసింది. ఆ పుట్ 615 పాయింట్లు లోపలికి వెళ్లింది. తీసుకున్న 40 పోగా లాట్‌కు 14 వేలకు పైగా నష్టం, అదీ ఆ రోజు పెరిగిన ప్రీమియంను కలపకుండానే. వెయ్యి కోసం పద్నాలుగు వేలు పణంగా పెట్టినట్టయింది. అలాంటి ట్రేడ్‌లో గట్టెక్కాలంటే వందకు 93 సార్లకు పైగా గెలవాలి.

ఈ కథకు ఇంకో మలుపు ఉంది. జూన్ 6న ఆ గడువు ముగిసేసరికి నిఫ్టీ మళ్లీ 22,800 దాటింది. మార్జిన్ చాలక మధ్యలో బయటపడినవారికి నష్టం ఖాయమైంది. అదనపు డబ్బు సర్ది ఓర్చుకున్నవారికి ప్రీమియం మొత్తం మిగిలింది, వాళ్ల రికార్డులో అది ఇంకో 'గెలుపు'గా ఎక్కింది. ఒకే ట్రేడ్, ఒకే రిస్క్. మధ్యలో ఖాతా ఎంత లోతుకు వెళ్లి వచ్చిందో గెలుపు శాతంలో ఎక్కడా ఉండదు. అలా బయటపడినవారు మరుసటి వారం రెండు లాట్లు అమ్మే ప్రమాదమే ఎక్కువ.

తక్కువ రికార్డు ఇంకా మోసం చేస్తుంది. ఇరవైలో ఒకసారి మాత్రమే పెద్ద దెబ్బ తగిలే పద్ధతి అనుకుంటే, మొదటి ఇరవై ట్రేడ్లలో ఆ దెబ్బ ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం దాదాపు 36 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా 'నూరు శాతం గెలుపు' రికార్డుతో కనిపిస్తారు. ప్రకటనల్లో స్క్రీన్‌షాట్లు పెట్టేది వీళ్లే. వాళ్లు అబద్ధం చెప్పనవసరం కూడా లేదు.

ముందుగా వేసిన నిష్పత్తి చివరికి అలాగే నిలవకపోవడానికి కారణాలు రెండు. ఒకటి మార్కెట్ వల్ల. స్టాప్‌లాస్ 480 అంటే 480కే అమ్ముడవుతుందన్న హామీ లేదు. కంపెనీ ఫలితాలు సాయంత్రం వచ్చి, ఉదయం షేరు 460 దగ్గర తెరుచుకుంటే మీ ఆర్డర్ ఆ ప్రాంతంలోనే అమలవుతుంది. 20 అనుకున్న నష్టం 40 అవుతుంది. లిమిట్‌తో పెట్టిన స్టాప్‌లాస్ అయితే ధర దాన్ని దాటేసి అసలు అమ్ముడే కాకపోవచ్చు. చిన్న షేర్లలో లోయర్ సర్క్యూట్ పడితే కొనేవాడే ఉండడు. అందుకే ఫలితాల రోజు దాటి ట్రేడ్‌ను ఉంచుకునేవారు నష్టాన్ని రెట్టింపు వేసుకుని నిష్పత్తి మళ్లీ చూడాలి. రెట్టింపు వేస్తే మన ఉదాహరణ ఒకటికి ఒకటి కూడా రాదు. అలాంటప్పుడు ఫలితాలకు ముందే బయటపడటం మేలు, లేదా ఆ ట్రేడ్‌ను వదిలేయడం మేలు.

రెండో కారణం మనమే. షేరు 515కి రాగానే 'వచ్చింది చాలు' అని అమ్మేస్తాం. 480కి దిగితే 'ఇంకొంచెం చూద్దాం' అని స్టాప్‌లాస్‌ను 470కి జరుపుతాం. ఇది అందరిలో ఉండేదే. అమెరికాలో టెరన్స్ ఓడియన్ అనే ఆర్థికవేత్త ఒక బ్రోకరేజీ సంస్థకు చెందిన పదివేల ఖాతాలను పరిశీలించి, 1998లో ఫలితాలు ప్రచురించారు. జనం నష్టంలో ఉన్న షేర్ల కంటే లాభంలో ఉన్నవాటినే ఎక్కువగా అమ్మేస్తున్నారని తేలింది. అలా అమ్మేసిన షేర్లే, చేతిలో ఉంచుకున్న నష్టపు షేర్ల కన్నా ఆ తర్వాతి ఏడాదిలో సగటున మెరుగ్గా పెరిగాయి కూడా. ఈ అలవాటు గెలుపు శాతాన్ని పెంచుతుంది, ఎందుకంటే చిన్న లాభాలు ఎక్కువసార్లు నమోదవుతాయి, నష్టాలు నమోదు కాకుండా వాయిదా పడతాయి. 2.1తో మొదలైన ట్రేడ్ 15 లాభానికీ 30 నష్టానికీ మధ్య తేలి, నిష్పత్తి అరకు పడిపోతుంది. ఆ మనిషి తన గెలుపు శాతం చూసుకుని నైపుణ్యం పెరుగుతోందని అనుకుంటాడు.

అందుకే దిగే ముందు వేసిన నిష్పత్తినీ, బయటపడ్డాక నిజంగా వచ్చిన నిష్పత్తినీ పక్కపక్కన రాసుకోవాలి. ఒక పుస్తకంలో ఎంట్రీ, స్టాప్‌లాస్, టార్గెట్ ధరలు ముందే రాయండి. ముగిశాక వచ్చిన లాభనష్టాన్ని ముందుగా ఒప్పుకున్న రిస్క్‌తో భాగించి రాయండి. రెండు వేల రిస్క్ మీద మూడు వేలు వస్తే ఒకటిన్నర. రెండు వేల ఐదు వందలు పోతే మైనస్ ఒకటింబావు. యాభై అరవై ట్రేడ్ల తర్వాత ఆ వరుస సగటు చూడండి. సగటు సున్నాకు పైన ఉంటే మీ పద్ధతికి బలం ఉండొచ్చు. గెలుపులు సగటున ఒకటి దాటకుండా, ఓటములు ఒకటి దాటుతూ కనిపిస్తే, ముందు వేసిన లెక్కను మీరే చెడగొడుతున్నారని అర్థం.

తక్కువ గెలుపు శాతం ఉన్న పద్ధతిని పట్టుకుని ఉండటం తేలిక కాదు. నలభై శాతం గెలిచే పద్ధతిలో వంద ట్రేడ్లు చేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఏడు ఓటములు రావడం వింత కాదు. ఒక్కో ట్రేడ్‌లో ఒక శాతమే పణంగా పెట్టినవారికి అప్పుడు ఖాతాలో ఏడు శాతం తగ్గుతుంది, కోలుకోగలరు. పది శాతం చొప్పున పెట్టినవారి దగ్గర సగానికి సగం పోతుంది, పద్ధతి మంచిదైనా దాని ఫలితం చూడటానికి వాళ్లు మిగలరు.

సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో వ్యక్తిగతంగా ట్రేడ్ చేసినవారిలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. నష్టపోయినవారిలో చాలామంది ఎక్కువసార్లు గెలిచినవారే అయి ఉంటారని నేను నమ్ముతున్నాను.

ఇకపై ఎవరైనా అక్యూరసీ సంఖ్య చూపిస్తే రెండు ప్రశ్నలు అడగండి: గెలిచినప్పుడు సగటున ఎంత వచ్చింది, ఓడినప్పుడు సగటున ఎంత పోయింది? జవాబు చెప్పనివారికి డబ్బు కట్టకండి. మీ సొంత ట్రేడ్‌కైతే ఆర్డర్ బటన్ నొక్కే ముందు మూడు ధరలూ కాగితం మీద పెట్టండి, ఖర్చులు కలపండి, ఎంత శాతం గెలవాలో లెక్కించండి. అంత గెలవగలనని మీ పుస్తకం చెప్పకపోతే ఆ ట్రేడ్‌ను వదిలేయండి.